ఒకే కస్టమర్, నాలుగు రకాల నంబర్లు: ఫోన్ నంబర్ల నార్మలైజేషన్‌పై అవగాహన

కెనడాలోని బ్రాంప్టన్‌లో ఒక తెలుగు టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. ఆర్డర్లు మూడు దారుల్లో వస్తాయి: బిల్లింగ్ కౌంటర్, వెబ్‌సైట్, వాట్సాప్. పండగ కేటరింగ్ లెక్కలు విడిగా ఒక ఎక్సెల్ షీట్లో ఉంటాయి. ఒకే కస్టమర్ ఈ నాలుగు చోట్లా నాలుగు రకాలుగా నమోదవుతారు. యజమాని దృష్టిలో ఆయన పాత కస్టమరే. కంప్యూటర్‌కి మాత్రం నలుగురు కొత్తవాళ్లు. పదోసారి వచ్చినవారికి ఇవ్వాల్సిన రాయితీ ఎవరికీ అందదు, ఒకే పండగ మెసేజ్ ఒకే ఫోన్‌కి నాలుగుసార్లు వెళ్తుంది.

డేటాబేస్, డేటా అనలిటిక్స్ కోర్సుల్లో 'డేటా క్లీనింగ్' పాఠం కింద ఈ అంశం వస్తుంది. బ్రాకెట్లు, గీతలు తీసేస్తే చాలని చాలామంది జవాబు రాస్తారు. అది సగం జవాబే. రాసిన అంకెలు ఏ దేశపు నంబరో ఆధారాలతో తేల్చడమే అసలు పని. కెనడాలో అది ఎందుకు కష్టమో, ఎలా తేల్చాలో చూద్దాం.

నార్మలైజేషన్ అంటే ఏమిటి?

ఒకే సమాచారం వేర్వేరు రూపాల్లో ఉన్నప్పుడు వాటన్నిటినీ ఒకే ప్రామాణిక రూపంలోకి తేవడమే నార్మలైజేషన్. డేటాబేస్ పాఠాల్లో పట్టికలను విడగొట్టే నార్మలైజేషన్ కూడా ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. పరీక్షలో ఈ రెండింటినీ కలిపి గందరగోళపరిచే ప్రశ్నలు రావచ్చు.

ఫోన్ నంబర్లకు ప్రామాణిక రూపాన్ని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిర్ణయించింది. ఆ సిఫార్సు పేరు ఈ.164. దాని ప్రకారం నంబరులో ముందు కంట్రీ కోడ్, తర్వాత ఆ దేశంలోని నంబరు ఉంటాయి. కంట్రీ కోడ్ ఒకటి నుంచి మూడు అంకెలు. మొత్తం కలిపి 15 అంకెలు దాటకూడదు. రాసేటప్పుడు ముందు ప్లస్ గుర్తు పెడతారు, మధ్యలో ఖాళీలు, గీతలు ఉండవు. ఉదాహరణకు `+19055550142`.

ఈ వ్యాసంలోని కెనడా నంబర్లలో ఏరియా కోడ్ తర్వాత 555-01 కనిపిస్తుంది. 555-0100 నుంచి 555-0199 వరకు ఉన్న నంబర్లను కథలు, సినిమాలు, పాఠ్య ఉదాహరణల కోసం కేటాయించారు. అవి ఎవరి ఫోన్‌కీ మోగవు.

కెనడా నంబరు నిర్మాణం

కెనడాకు సొంతంగా కంట్రీ కోడ్ లేదు. అమెరికా, కెనడా, బెర్ముడా, జమైకా సహా పలు కరీబియన్ దేశాలు కలిసి ఒకే పథకం కింద నంబర్లు వాడతాయి. దాన్ని ఉత్తర అమెరికా నంబరింగ్ ప్లాన్ అంటారు. 1947లో 86 ఏరియా కోడ్‌లతో దీన్ని రూపొందించారు. అందులో కెనడాకు దక్కినవి తొమ్మిది. ఈ దేశాలన్నిటి కంట్రీ కోడ్ 1. కాబట్టి `+1` చూసి కెనడా అని చెప్పలేం. ఆ తర్వాతి మూడు అంకెలు చూస్తేనే తెలుస్తుంది.

నంబరులో పది అంకెలుంటాయి: మూడంకెల ఏరియా కోడ్, మూడంకెల ఎక్స్ఛేంజ్ కోడ్, నాలుగంకెల లైన్ నంబరు. ఒక నియమం బాగా గుర్తుంచుకోవాలి. ఏరియా కోడ్ మొదటి అంకె, ఎక్స్ఛేంజ్ కోడ్ మొదటి అంకె 2 నుంచి 9 వరకే ఉంటాయి. అంటే పదంకెల నంబరులో మొదటి స్థానంలోగానీ, నాలుగో స్థానంలోగానీ 0 లేదా 1 కనిపిస్తే అది ఉత్తర అమెరికా నంబరు కాదు.

టొరంటోకు మొదట 416 ఒక్కటే ఉండేది. 1993లో చుట్టుపక్కల ఊళ్లను విడదీసి 905 ఇచ్చారు. మిస్సిసాగా, బ్రాంప్టన్ దాని కిందకు వచ్చాయి. అప్పుడు ఆ ఊళ్లలోని వారి నంబర్లే మారిపోయాయి. 2001లో నంబర్లు మళ్లీ చాలకపోతే ఈసారి విడదీయకుండా అదే టొరంటో మీద 647ని అదనంగా పరిచారు. దీన్ని ఓవర్‌లే అంటారు. పాతవారి నంబరు మారదు, కొత్తవారికి కొత్త కోడ్ వస్తుంది. తర్వాత 437 కూడా ఇలాగే వచ్చింది.

నార్మలైజేషన్‌కు ఓవర్‌లే ఎందుకు ముఖ్యం? ఓవర్‌లే వచ్చాక ఒకే ఊళ్లో ఒకే ఏడంకెలు ఇద్దరికి ఉండొచ్చు, ఒకరికి 416తో, మరొకరికి 647తో. అందుకే ఓవర్‌లే ఉన్న చోట స్థానిక కాల్‌కి కూడా పదంకెలూ నొక్కాలి. 2023 నవంబరు 30న కెనడాలో ఆత్మహత్యల నివారణకు 988 అనే మూడంకెల హెల్ప్‌లైన్ ప్రారంభమైంది. న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్ లాంటి చోట్ల అప్పటిదాకా మిగిలిన ఏడంకెల డయలింగ్ కూడా దాని కోసమే పదంకెలకు మారింది. పాత పుస్తకంలో `555-0142` అని మాత్రమే ఉంటే దానికి 905 ఊహించి కలపడం తప్పు. అది ఖాళీగా వదలాల్సిన నంబరు.

1 అంకెకు రెండు పాత్రలు

కెనడాలో దూరప్రాంతపు కాల్‌కి ముందు 1 నొక్కే అలవాటు ఉంది. ఇది ట్రంక్ ప్రిఫిక్స్. మన దేశంలో ఎస్టీడీకి ముందు నొక్కే 0 లాంటిదే. కంట్రీ కోడ్ కూడా 1 కావడంతో `1-905-555-0142` అని రాస్తే అది ట్రంక్ అంకెగా చూసినా, కంట్రీ కోడ్‌గా చూసినా ఫలితం ఒకటే. పదకొండు అంకెలుండి మొదటిది 1 అయితే ముందు ప్లస్ పెడితే సరిపోతుంది.

భారత నంబర్లకు ఈ సౌలభ్యం లేదు. ఇక్కడ కంట్రీ కోడ్ 91, ట్రంక్ అంకె 0. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేయాలంటే ముందు 0 తప్పనిసరి అయింది. ఇంట్లో పెద్దవాళ్లు నంబరు చెప్పినా, రాసినా సున్నాతోనే మొదలుపెట్టడం మామూలే. కెనడాకు వచ్చి ఫారంలో `098480×××××` అని నింపితే ఆ 0 తీసేసి +91 పెట్టాలి. 0 తీయకుండా +910 అని పెడితే నంబరు చెడుతుంది.

విదేశానికి కాల్ చేసేటప్పుడు ముందు నొక్కే అంకెలు కూడా వేరు. భారత్ నుంచి 00, కెనడా నుంచి 011. అందుకే కెనడాలో ఉన్నవారు ఇంటి నంబరును `011 91 98480 ×××××` అని రాసుకుంటారు, హైదరాబాద్‌లో ఉన్నవారు కెనడా నంబరును `001 905 555 0142` అని రాసుకుంటారు. ఈ 011, 00 రెండూ నంబరులో భాగం కావు. ప్లస్ గుర్తుకు బదులుగా నొక్కే అంకెలు మాత్రమే.

చివరి పదంకెల చిట్కా ఎక్కడ దెబ్బతింటుంది?

చాలా చోట్ల వాడే సులువైన పద్ధతి ఒకటుంది. అంకెలు కానివన్నీ తీసేసి, కుడివైపు నుంచి పది అంకెలు తీసుకుని పోల్చడం. ఒకే దేశపు నంబర్లు మాత్రమే ఉంటే ఇది చాలావరకు పనిచేస్తుంది. తెలుగువారు కస్టమర్లుగా ఉన్న కెనడా దుకాణంలో మాత్రం ప్రమాదం. ఎందుకంటే భారత మొబైల్‌కూ పది అంకెలే, కెనడా నంబరుకూ పది అంకెలే.

భారత మొబైల్ 6, 7, 8, 9 అంకెల్లో ఒకదానితో మొదలవుతుంది. 905తో మొదలయ్యే మొబైల్ నంబర్లు మన దగ్గరా ఉన్నాయి. బ్రాంప్టన్ ఏరియా కోడ్ కూడా 905. `90591×××××` అని కంట్రీ కోడ్ లేకుండా కనిపిస్తే అది బ్రాంప్టన్ ఇల్లు కావచ్చు, విజయవాడ నుంచి నిన్ననే దిగిన విద్యార్థి పాత సిమ్ కావచ్చు. నాలుగో అంకె 9 కాబట్టి ఉత్తర అమెరికా నియమం కూడా దాన్ని ఆపదు.

98480తో మొదలయ్యే నంబరైనా అంతే. 984 అమెరికాలోని నార్త్ కరోలినాలో ఒక ఏరియా కోడ్. నాలుగో అంకె 8. ఆకారం చూస్తే నూటికి నూరుపాళ్లూ అమెరికా నంబరే. `94401×××××` అయితే మాత్రం దొరికిపోతుంది, నాలుగో అంకె 0 కాబట్టి.

ప్లస్ గుర్తును తొందరపడి తీసేస్తే మరో చిక్కు. సింగపూర్ కంట్రీ కోడ్ 65, అక్కడి నంబరు ఎనిమిదంకెలు. రెండూ కలిపితే పదే. సింగపూర్ మొబైల్ 8తోగానీ 9తోగానీ మొదలవుతుంది. ప్లస్ పోతే మొదటి మూడు అంకెలు 658 లేదా 659గా మిగులుతాయి. 658 జమైకా ఏరియా కోడ్, 659 అమెరికాలోని అలబామాది. సింగపూర్‌లో ఉన్న బంధువు బ్రాంప్టన్‌లోని వారికి కేటరింగ్ ఆర్డర్ పెడితే, డేటాబేస్ ఆయన్ని జమైకా కస్టమర్‌గానో అలబామా కస్టమర్‌గానో లెక్కేస్తుంది. అందుకే నియమం: ప్లస్ ఉందా లేదా అన్నది మొదట చూసుకోవాలి, మిగతా గుర్తులు ఆ తర్వాతే తీసేయాలి.

రెండు రకాల తప్పులు

పోలికలో తప్పు రెండు విధాలుగా జరుగుతుంది. ఒకే వ్యక్తిని ఇద్దరుగా చూడటం మొదటిది, దీన్ని తప్పిన జత అందాం. ఇద్దరిని ఒక్కరుగా కలపడం రెండోది, అది తప్పుడు జత.

తప్పిన జత వల్ల రాయితీ అందదు, మెసేజ్ రెండుసార్లు వెళ్తుంది. కస్టమర్ చెప్తే సరిదిద్దుకోవచ్చు. తప్పుడు జతలో ఒకరి చిరునామా, ఆర్డర్ల చరిత్ర ఇంకొకరికి కనిపిస్తాయి. కెనడాలో వ్యాపార సంస్థల దగ్గరున్న వ్యక్తిగత సమాచారానికి 2000లో చేసిన ఫెడరల్ చట్టం ఉంది. సమాచారం కచ్చితంగా ఉండటం, దానికి రక్షణ ఉండటం అందులోని మూల సూత్రాల్లో ఉన్నాయి. తప్పుడు జత ఆ రెంటినీ దెబ్బతీస్తుంది. పైగా కలిపేసిన రికార్డులను మళ్లీ విడదీయడం చాలా కష్టం, ఏ ఆర్డర్ ఎవరిదో గుర్తు ఉండదు. కాబట్టి అనుమానం ఉన్నచోట కలపకుండా వదలడమే సరైన పద్ధతి.

తప్పిన జతను మరీ తేలిగ్గా తీసుకోలేని సందర్భం ఒకటుంది. కెనడా స్పామ్ నిరోధక చట్టం 2014 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. వ్యాపార ప్రచార ఎస్సెమ్మెస్‌లు కూడా దాని పరిధిలోకి వస్తాయి. ఇక మెసేజ్‌లు వద్దని కస్టమర్ చెప్పాక 10 పని దినాల్లోగా ఆపాలి. ఆయన `9055550142` రికార్డు నుంచి వద్దన్నాడు, అదే మనిషి `+1 (905) 555-0142` రూపంలో మరో రికార్డులో అలాగే ఉండిపోయాడు అనుకోండి. మెసేజ్ మళ్లీ వెళ్తుంది. అందుకే 'వద్దు' జాబితాను ఎప్పుడూ నార్మలైజ్ చేసిన నంబరుతోనే పోల్చాలి.

పని చేసే క్రమం

మొదట అసలు రాతను చెక్కుచెదరకుండా దాచాలి. డేటాబేస్‌లో రెండు కాలమ్‌లు పెట్టాలి. కస్టమర్ రాసింది రాసినట్టే `phone_raw`లో, ప్రామాణిక రూపం `phone_e164`లో. రెండూ టెక్స్ట్ రకమే కావాలి. నంబరు రకంగా పెడితే ముందున్న 0, ప్లస్ రెండూ పోతాయి. `phone_e164`కు 16 అక్షరాలు చాలు, 15 అంకెలు, ఒక ప్లస్.

రెండో మెట్టు, నంబరు కానివాటిని విడదీయడం. ఆఫీసు నంబర్లలో ఎక్స్‌టెన్షన్ ఉంటుంది, `ext 23` అనో `x23` అనో. క్యుబెక్‌లో ఫ్రెంచ్‌లో రాసేవారు `poste 23` అంటారు. దీన్ని వేరే కాలమ్‌లోకి తీయాలి. తీయకుండా అంకెలన్నీ కలిపితే పన్నెండంకెల వింత నంబరు వస్తుంది. ఒకే గడిలో రెండు నంబర్లు రాసి మధ్య గీత పెట్టినవాటిని కూడా ముందే విడగొట్టాలి. ఫోన్ కాంటాక్ట్‌ల నుంచి కాపీ చేసినప్పుడు కంటికి కనిపించని గుర్తులు కూడా వెంట వస్తాయి. మామూలు ఖాళీని మాత్రమే తీసేసే ప్రోగ్రామ్ వీటిని వదిలేస్తుంది. చూడటానికి రెండు నంబర్లూ ఒకటే అయినా పోలిక కుదరకపోతే మొదట అనుమానించాల్సింది ఈ గుర్తులనే.

మూడో మెట్టు, ఎక్కడి నుంచి వచ్చిందో చూసి దేశాన్ని నిర్ణయించడం. వాట్సాప్ నంబరులో కంట్రీ కోడ్ ఎప్పుడూ ఉంటుంది, ప్లస్ ఉన్నా లేకపోయినా. అక్కడ `19055550142` అంటే ముందు ప్లస్ పెట్టడమే మిగిలింది. కౌంటర్లో క్యాషియర్ కొట్టిన పదంకెల నంబరుకు కెనడా అనుకోవడం సబబు. వెబ్‌సైట్ ఫారంలో దేశం ఎంచుకునే పెట్టె ఉంటే దాని జవాబు తీసుకోవాలి, లేకపోతే అక్కడే జాగ్రత్త పడాలి. అన్నిటికీ ఒకే నియమం పెడితే పైన చెప్పిన 905 తికమక తప్పదు.

నాలుగో మెట్టు, లైబ్రరీతో సరిచూడటం. గూగుల్ ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన `libphonenumber` ఈ పనికి ఎక్కువగా వాడేది. పైథాన్‌లో దాని పేరు `phonenumbers`.

```python
import phonenumbers as pn

def to_e164(raw, region):
    try:
        n = pn.parse(raw, region)
    except pn.NumberParseException:
        return None
    if not pn.is_valid_number(n):
        return None
    return pn.format_number(n, pn.PhoneNumberFormat.E164)
```

కౌంటర్ నంబరుకు `to_e164(raw, "CA")` అని పిలవాలి. వాట్సాప్ నుంచి ప్లస్ లేకుండా వచ్చిన నంబరుకు `to_e164("+" + raw, None)` అనాలి. ఈ లైబ్రరీ గురించి మూడు విషయాలు తెలిసి ఉండాలి.

మొదటిది, `is_possible_number` పొడవు మాత్రమే చూస్తుంది, `is_valid_number` అంకెల అమరిక కూడా చూస్తుంది. ఆ నంబరు నిజంగా మోగుతుందో లేదో రెండూ చెప్పవు. రెండోది, ప్లస్ లేని `919059…` లాంటి పన్నెండంకెల నంబరును "CA"తో ఇస్తే లైబ్రరీ అది భారత నంబరని తనంతట తాను గుర్తించదు, కెనడా నంబరుగా చూసి చెల్లదంటుంది. 00తో మొదలైనవీ అంతే, ఎందుకంటే కెనడాలో ఆ పని చేసేది 011. వీటికి ముందుగా మన నియమం రాసుకోవాలి. పన్నెండంకెలుండి 91తో మొదలై మూడో అంకె 6 నుంచి 9 వరకు ఉంటే ముందు ప్లస్ పెట్టాలి. మూడోది అన్నిటికంటే కీలకం. కోడ్ లేని 98480 నంబరును "CA"తో ఇస్తే నార్త్ కరోలినా నంబరుగా చదివి సరైనదేనంటుంది. లైబ్రరీ ఆకారం చూస్తుంది, ఆ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో దానికి తెలియదు.

ఒక ఉదాహరణ సాధిద్దాం

మన టిఫిన్ సెంటర్ జాబితాలో ఈ ఎనిమిది వరుసలు ఉన్నాయనుకుందాం.

1. కౌంటర్: `9055550142`
2. వెబ్‌సైట్: `(905) 555-0142`
3. వాట్సాప్: `19055550142`
4. కేటరింగ్ షీట్: `416.555.0167 poste 23`
5. కౌంటర్: `555-0142`
6. వెబ్‌సైట్: `90591 ×××××`
7. వాట్సాప్: `9190591×××××`
8. కేటరింగ్ షీట్: `9.19059E+11`

మొదటి మూడు వరుసలు సులువుగా ఒకటవుతాయి. మొదటి రెంటికీ కెనడా నియమం, మూడోదానికి వాట్సాప్ నియమం. మూడూ `+19055550142` అవుతాయి. నాలుగో వరుసలో ఎక్స్‌టెన్షన్ 23ను పక్కన పెట్టాక `+14165550167` మిగులుతుంది. ఇది ఆఫీసు నంబరు. అదే నంబరుకు వేరే ఎక్స్‌టెన్షన్‌తో ఇంకొకరు ఆర్డర్ పెడితే ఇద్దరినీ ఒకే కస్టమర్‌గా కలపకూడదు.

ఐదో వరుస చూడగానే అది మొదటివారిదే అనిపిస్తుంది. కానీ ఏరియా కోడ్ లేదు, అదే ఏడంకెలు 647తోనో 416తోనో ఇంకొకరికి ఉండొచ్చు. `phone_e164` ఖాళీగా వదలాలి.

ఏడో వరుసలో పన్నెండంకెలు, ముందు 91, తర్వాత 9. సందేహం లేదు, భారత నంబరే. ముందు ప్లస్ పెడతాం.

ఆరో వరుస ఈ జాబితాలో పరీక్ష పెట్టే వరుస. కెనడా నియమంతో నడిపితే ఇది బ్రాంప్టన్ నంబరు అయిపోతుంది. ఒకసారి రాసిన తీరు చూడండి. ఐదంకెలు, ఖాళీ, ఐదంకెలు. కెనడాలో పెరిగినవారు మూడు, మూడు, నాలుగుగా విడగొట్టి రాస్తారు. ఐదు, ఐదుగా రాయడం మన అలవాటు. తీసిపారేయాలనుకున్న ఆ ఖాళీయే ఇక్కడ ఆధారం. `phone_raw` దాచుకోమన్నది ఇందుకే. రెండో ఆధారం, దీని పదంకెలూ ఏడో వరుసలోని +91 నంబరు చివరి పదంకెలతో సరిపోతున్నాయి. పేరు కూడా కలిస్తే ఇద్దరూ ఒక్కరే అనడానికి గట్టి కారణం ఉన్నట్టు. అయినా కంప్యూటర్ తనంతట కలపకుండా 'పరిశీలించాలి' జాబితాలో పెట్టాలి. తర్వాతి ఆర్డరప్పుడు అడిగితే ఒక్క మాటతో తేలుతుంది.

చివరి పదంకెల పోలికను ఇలా అనుమానం రేపడానికి వాడుకోవచ్చు, నిర్ణయానికి మాత్రం వాడకూడదు. 6, 7, 8, 9లతో మొదలయ్యే ప్రతి నంబరునూ పరిశీలనకు పంపినా పని సాగదు. 604, 647, 778, 905 అన్నీ కెనడా కోడ్‌లే కాబట్టి సగం కస్టమర్లు ఆ జాబితాలో చేరతారు. ఐదు-ఐదు రాత, +91 నంబరుతో పోలిక, నాలుగో స్థానంలో 0 లేదా 1, కెనడాలో లేని ఏరియా కోడ్, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తేనే పంపాలి.

ఎనిమిదో వరుస ఎక్సెల్ చేసిన నష్టం. పన్నెండంకెల నంబరును మామూలు గడిలో పెడితే ఎక్సెల్ దాన్ని ఇలా కుదించి చూపిస్తుంది. అసలు ఫైల్ ఉన్నంతవరకు అంకెలు లోపల భద్రంగానే ఉంటాయి, గడి ఫార్మాట్ మారిస్తే మళ్లీ కనిపిస్తాయి. ఈ రూపంలోనే సీఎస్వీగా సేవ్ చేస్తే మాత్రం మొదటి ఆరు అంకెలే మిగులుతాయి, మిగతా ఆరు తిరిగి రావు. పదకొండంకెల కెనడా నంబర్లు గడి వెడల్పుగా ఉంటే పూర్తిగానే కనిపిస్తాయి. కాబట్టి జాబితాలో భారత నంబర్లు మాత్రమే ఇలా పాడవుతుంటే కారణం ఇదేనని గుర్తుపట్టవచ్చు. నివారణ ఒకటే, నంబర్లు పెట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చడం.

లెక్క తేలింది. ఎనిమిది వరుసల్లో ఐదు కచ్చితమయ్యాయి, అవి మూడు నంబర్లు. మూడు వరుసలు మనిషి చూడాల్సినవి.

పని సరిగ్గా జరిగిందని ఎలా తెలుస్తుంది?

నార్మలైజ్ చేశాక ఒకే నంబరు ఎన్ని రికార్డుల్లో ఉందో చూడాలి.

```sql
SELECT phone_e164, COUNT(*) AS n
FROM customers
WHERE phone_e164 IS NOT NULL
GROUP BY phone_e164
HAVING COUNT(*) > 1
ORDER BY n DESC;
```

రెండు, మూడు రికార్డులున్నవి మామూలే. పైన పదుల సంఖ్యలో కనిపించేవే పట్టుకోవాల్సినవి. కస్టమర్ నంబరు చెప్పనప్పుడు క్యాషియర్ దుకాణం నంబరే కొట్టేస్తుంటాడు. నంబరు సరైనదే కాబట్టి లైబ్రరీ పట్టదు, ఈ లెక్కలోనే బయటపడుతుంది. అలాంటి నంబర్లను జాబితా చేసి పోలిక నుంచి తప్పించాలి.

ఆ తర్వాత, నంబరు ఒకటై పేర్లు బొత్తిగా కలవని జతలు కొన్ని తీసి చూడాలి. వాటిలో కొన్ని తప్పుడు జతలు కావు, ఒకే ఇల్లు. పిల్లల దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు కొడుకు నంబరే ఇస్తారు, భార్యాభర్తలు ఒకే నంబరుతో ఆర్డర్ పెడతారు. అందుకని `phone_e164` మీద ఒక నంబరుకు ఒకే కస్టమర్ అనే యూనిక్ నిబంధన పెడితే తల్లి ఆర్డర్ నమోదు కాదు. నంబర్లకు వేరే పట్టిక పెట్టి, ఒక నంబరుకు ఎక్కువమందిని, ఒకరికి ఎక్కువ నంబర్లను కలిపే వీలుంచాలి.

నార్మలైజేషన్ చేయలేనివి

కొత్తగా వచ్చిన విద్యార్థులు కెనడా సిమ్ తీసుకున్నా వాట్సాప్‌ను చాలాకాలం భారత నంబరుతోనే నడుపుతారు. కౌంటర్లో 437 నంబరు, వాట్సాప్‌లో +91 నంబరు. రెండూ సరిగ్గా నార్మలైజ్ అయినా ఎప్పటికీ ఒకటి కావు. వీరిని కలపాలంటే ఈమెయిల్, డెలివరీ చిరునామా లాంటి మరో ఆధారం కావాలి.

వదిలేసిన నంబరును కొంతకాలం తర్వాత కంపెనీలు మరొకరికి ఇస్తాయి. నంబరు పాతదే, మనిషి కొత్త. చాలాకాలం తర్వాత ఒక నంబరు నుంచి వేరే పేరుతో ఆర్డర్ వస్తే పాత చిరునామా చూపించకూడదు. ఇక ఏరియా కోడ్ చూసి మనిషి ఎక్కడున్నాడో, ఏ కంపెనీ సిమ్మో చెప్పలేం. కెనడాలో 2007 మార్చి నుంచి మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారవచ్చు. వ్యాంకూవర్ వెళ్లినవారు కూడా బ్రాంప్టన్ నంబరు అలాగే ఉంచుకుంటారు.

గుర్తుంచుకోవాల్సినవి

- ప్రామాణిక రూపం ఈ.164, గరిష్ఠంగా 15 అంకెలు, ముందు ప్లస్.
- ఉత్తర అమెరికా నంబరులో మొదటి, నాలుగో అంకెలు 2 నుంచి 9 వరకే.
- విదేశీ కాల్ ప్రిఫిక్స్: కెనడాలో 011, భారత్‌లో 00.
- ముందు ప్లస్ చూడాలి, తర్వాతే గుర్తులు తీసేయాలి.
- ఏడంకెల నంబరుకు ఏరియా కోడ్ ఊహించకూడదు.
- అనుమానం ఉంటే కలపకూడదు.

సాధన ప్రశ్నలు

1. కంట్రీ కోడ్ లేని పదంకెల నంబర్లలో ఉత్తర అమెరికా నంబరు కాలేనిది ఏది?
ఎ) 98480తో మొదలయ్యేది
బి) 90591తో మొదలయ్యేది
సి) 94401తో మొదలయ్యేది
డి) 90555తో మొదలయ్యేది

2. `+65`తో మొదలయ్యే సింగపూర్ మొబైల్‌లో ప్లస్ తీసేస్తే ఉత్తర అమెరికా నంబరులా కనిపించడానికి కారణం?
ఎ) మొత్తం పదంకెలే కావడం
బి) సింగపూర్ కంట్రీ కోడ్ 1 కావడం
సి) ఎక్సెల్ కుదించడం
డి) ఎక్స్‌టెన్షన్ కలవడం

3. `is_valid_number` ఏం చెప్పలేదు?
ఎ) పొడవు సరైనదా
బి) అంకెల అమరిక సరైనదా
సి) నంబరు ప్రస్తుతం వాడుకలో ఉందా
డి) ఏరియా కోడ్ ఉన్నదేనా

4. ఓవర్‌లే వచ్చినప్పుడు ఏం జరుగుతుంది?
ఎ) పాతవారి ఏరియా కోడ్ మారుతుంది
బి) అదే ప్రాంతానికి అదనపు ఏరియా కోడ్ వస్తుంది
సి) కంట్రీ కోడ్ మారుతుంది
డి) ఏడంకెల డయలింగ్ మొదలవుతుంది

5. `phone_e164` కాలమ్‌పై యూనిక్ నిబంధన పెడితే మొదట ఎవరికి ఇబ్బంది?
ఎ) భారత నంబరున్నవారికి
బి) ఒకే నంబరు పంచుకునే కుటుంబానికి
సి) ఎక్స్‌టెన్షన్ లేనివారికి
డి) కంపెనీ మారినవారికి

జవాబులు: 1-సి (నాలుగో అంకె 0). 2-ఎ (రెండంకెల కోడ్, ఎనిమిదంకెల నంబరు). 3-సి (లైబ్రరీ చూసేది ఆకారాన్నే). 4-బి (ఎ అన్నది 1993లో 905 విడిపోయినప్పుడు జరిగింది, దాన్ని స్ప్లిట్ అంటారు). 5-బి (రెండో వ్యక్తి రికార్డు నమోదు కాదు).